లాకియర్ ఏమన్నాడు? “ఈజ్” రాయాలా, “వాజ్” రాయాలా?

మా బడి గోడపత్రిక కోసం తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఇంగ్లీషులో చిన్న వ్యాసం రాసింది. విషయం 1868లో మన గుంటూరులో కనిపించిన సంపూర్ణ సూర్యగ్రహణం. సైన్సు సంగతి కాబట్టి దిద్దిపెట్టమని నా దగ్గరికి తెచ్చింది. వ్యాసం బాగానే ఉంది. అయితే అందులో రెండు వాక్యాల దగ్గర నా కలం ఆగింది.

మొదటిది: “మెనీ పీపుల్ థాట్ దట్ ది యెల్లో లైన్ ఈజ్ డ్యూ టు సోడియం.” అంటే, ఆ పసుపు గీత సోడియం వల్ల ఏర్పడిందని చాలామంది అనుకున్నారు అని.

రెండోది: “లాకియర్ సెడ్ దట్ ఇట్ వాజ్ డ్యూ టు ఎ న్యూ ఎలిమెంట్.” అంటే, అది ఒక కొత్త మూలకం వల్ల ఏర్పడిందని లాకియర్ అన్నాడు అని.

నేను మొదటి వాక్యంలోని “ఈజ్” చుట్టూ సున్న చుట్టి, పైన “వాజ్” అని రాశాను. అమ్మాయి ఒప్పుకోలేదు.

“సార్వకాలిక సత్యమైతే కాలం మార్చకూడదని మా ఇంగ్లీషు మాస్టారు చెప్పారు గదండీ! ఇది సైన్సే గదా సార్!”

“సైన్సే. కాని ఆ గీత సోడియం వల్ల రాలేదమ్మా. సైన్సు చరిత్రలో సత్యాలతోబాటు పొరపాట్లు కూడా ఉంటాయి.”

“అయితే రెండోదాంట్లో వాజ్ తీసేసి ఈజ్ పెట్టమంటారా?”

“పెట్టినా సరే, పెట్టకపోయినా సరే.”

ఆ మాటతో ఆ పిల్ల ముఖం చూడవలసిందే! ఒకచోట “ఈజ్” తప్పట, రెండోచోట ఏది రాసినా ఒప్పేనట. ఇదెక్కడి వ్యాకరణం అని ఆమె సందేహం. మీలో చాలామందికి కూడా ఇదే సందేహం ఉండి ఉంటుంది. ప్రత్యక్ష కథనాన్ని పరోక్ష కథనంగా మార్చేటప్పుడు కాలం ఎందుకు వెనక్కు జరుగుతుంది, ఎక్కడ జరపనక్కర లేదు, ఎక్కడ జరపకపోతే తప్పు అన్నది ఆ గ్రహణం కథతోనే చూద్దాం.

ముందు కథ. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నీడ మన తీరాంధ్రం మీదుగా సాగింది. దాన్ని చూడటానికి ఫ్రాన్సు నుంచి పియెర్ జాన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు గుంటూరు వచ్చి మకాం వేశాడు. బ్రిటిషువారి తరఫున టెనెంట్ అనే సైనికాధికారి కూడా గుంటూరులోనే దూరదర్శినులు నిలిపాడు. మద్రాసు నక్షత్రశాలకు చెందిన పోగ్సన్ మచిలీపట్నంలో ఉన్నాడు. చంద్రుడు సూర్యబింబాన్ని పూర్తిగా కప్పిన ఆ కొద్ది నిమిషాల్లో, అంచున ఎర్రటి నాలుకల్లా పైకి లేచే సౌరజ్వాలల వెలుగును వారు వర్ణపటదర్శినిలోకి పంపి చూశారు. అక్కడక్కడ ప్రకాశవంతమైన గీతలు కనిపించాయి. జ్వాలలు మండే వాయువులని, వాటిలో ముఖ్యమైనది హైడ్రోజన్ అని ఆ గీతలు చెప్పాయి. గ్రహణం లేకుండా కూడా ఈ గీతలను చూడవచ్చునని జాన్సెన్‌కు తోచింది. మర్నాడే, మామూలు ఎండలోనే, గుంటూరు నుంచే చూశాడు. అదే సంవత్సరం అక్టోబరు 20న ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అనే మరొక శాస్త్రజ్ఞుడు, జాన్సెన్ సంగతి తెలియకుండానే, అదే పని చేశాడు. ఇద్దరి ఉత్తరాలూ పారిస్‌లోని శాస్త్ర పరిషత్తుకు ఒకేరోజు చేరాయి.

ఈ గీతల్లో ఒకటి పసుపుపచ్చ గీత. సోడియం మండితే పసుపు వెలుగు వస్తుందని మీకు తెలుసు. పొయ్యిలో ఉప్పుకల్లు వేసి చూడండి. సోడియంకు దగ్గర దగ్గరగా రెండు పసుపు గీతలుంటాయి, వాటి తరంగదైర్ఘ్యాలు 589.0, 589.6 నానోమీటర్లు. గ్రహణంనాటి గీతను కూడా కొందరు పరిశీలకులు సోడియం గీతే అనుకున్నారు. కాని దాని తరంగదైర్ఘ్యం 587.6 నానోమీటర్లు. అంటే సోడియం గీతల పక్కన ఉందే గాని వాటి మీద లేదు. ఈ తేడాను లాకియర్ గట్టిగా పట్టుకున్నాడు. భూమి మీద ఎవరూ ఎరుగని మూలకం ఏదో సూర్యుడిలో ఉన్నదన్న ఊహ అట్లా పుట్టింది. సూర్యుడికి గ్రీకు పేరు హీలియోస్ కాబట్టి ఆ మూలకానికి హీలియం అని పేరు పెట్టారు. సోడియం, పొటాషియం లాగా అదీ ఒక లోహమే అయి ఉంటుందనుకున్నందువల్ల చివర ఆ “యం” వచ్చింది. తర్వాత 1895లో లండనులో విలియం రామ్సే క్లీవైట్ అనే యురేనియం ఖనిజం నుంచి ఒక వాయువును రాబట్టాడు. దాని వర్ణపటంలో అదే పసుపు గీత కనిపించింది. హీలియం ఉన్నమాట నిజం. అది లోహమన్నమాట మాత్రం తప్పు. అది దేనితోనూ సులభంగా కలవని జడవాయువు.

ఇక వ్యాకరణానికి వద్దాం. తెలుగు పిల్లలకు ఇది కష్టం కావడానికి కారణం ఇంగ్లీషులో లేదు, తెలుగులో ఉంది. మన భాషలో “అని” అనే చిన్న మాట ఉన్నది చూశారూ, అది చాలా నమ్మకమైన బంట్రోతు. ఎవరేమన్నారో దాన్ని ఉన్నదున్నట్టు మోసుకువస్తుంది. “రేపు వస్తాను” అని మా తమ్ముడు అన్నాడు. దాన్ని నేను మరొకరికి చెప్పేటప్పుడు “మా తమ్ముడు రేపు వస్తానన్నాడు” అంటాను. “వస్తాను” అన్నది “వచ్చాడు” గానో “వచ్చేవాడు” గానో మారలేదు. ఇంకో విచిత్రం గమనించండి. వచ్చేది తమ్ముడు. మామూలుగానైతే “తమ్ముడు వస్తాడు” అనాలి. కాని “తమ్ముడు వస్తానన్నాడు” అంటున్నాం. తమ్ముడి నోటిలోని “ను” కూడా అలాగే నిలిచిపోయింది. అంటే తెలుగులో ఇంకొకరి మాటను చెప్పేటప్పుడు ఆ మాట అన్నవాడి గడియారాన్నే చూస్తాం. అతను అన్నప్పుడు అది వర్తమానమైతే మనకూ వర్తమానమే.

ఇంగ్లీషువాడు అట్లా కాదు. మాట అన్నవాడి గడియారాన్ని పక్కనబెట్టి, ఆ మాటను ఇప్పుడు చెబుతున్నవాడి గడియారాన్ని చూస్తాడు. లాకియర్ నోటివెంట “ఈజ్” వచ్చినప్పుడు అది ఆయనకు వర్తమానం. మనం చెప్పేసరికి ఆయన అనడమూ గతమే, అనేటప్పుడు ఉన్న స్థితీ గతమే. అందుకని “సెడ్” వచ్చిందంటే దాని వెనకాలే “ఈజ్” కాస్తా “వాజ్” అవుతుంది. “హాజ్” “హ్యాడ్” అవుతుంది, “విల్” “వుడ్” అవుతుంది, “కెన్” “కుడ్” అవుతుంది. బండి ముందు చక్రం ఒక మూర వెనక్కి జరిగితే వెనక చక్రం కూడా ఒక మూర జరిగినట్టు, ముందున్న క్రియ గతంలోకి పోతే వెనకున్న క్రియ కూడా ఒక మెట్టు గతంలోకి పోతుంది. ముందున్న క్రియ గతంలో లేకపోతే ఈ జరగడం ఉండనే ఉండదు. “అవర్ బుక్ సేస్ దట్ హీలియం ఈజ్ ఎ గ్యాస్” అన్న వాక్యంలో “సేస్” వర్తమానం. కాబట్టి అక్కడ మార్చవలసిందేమీ లేదు.

మనవాళ్ళు సాధారణంగా చేసే తప్పు ఎక్కడ పుడుతుందో ఇప్పుడు తెలిసింది గదా. “వస్తున్నానని అన్నాడు” అని మనసులో తెలుగు వాక్యం కట్టి, దాన్నే ఇంగ్లీషులోకి దింపుతారు. “హీ సెడ్ దట్ హీ ఈజ్ కమింగ్” అని వస్తుంది. మాస్టారు ఎర్రసిరాతో దిద్దుతారు. రెండుసార్లు దిద్దించుకున్నాక పిల్లవాడు భయపడి, కనిపించిన ప్రతి క్రియనూ వెనక్కు తోసేస్తాడు. అప్పుడు “సార్వకాలిక సత్యం మార్చకూడదు” అని మరో సూత్రం చెప్పాలి. ఇక్కడ పిల్లలు దాన్ని ఇంకోవిధంగా అర్థం చేసుకుంటారు. సూర్యుడు, భూమి, నీరు, పాదరసం లాంటి మాటలు కనిపిస్తే చాలు, అది సార్వకాలిక సత్యమే అనుకుంటారు. మన గోడపత్రిక అమ్మాయికి జరిగింది ఇదే.

అసలు సంగతి విషయం సైన్సా కాదా అన్నది కాదు. “సెడ్” తర్వాత వర్తమాన కాలాన్ని అలాగే ఉంచితే, ఆ మాట ఇప్పటికీ నిలిచి ఉన్నదని రాసేవాడు కూడా తన వంతు సాక్ష్యం చెబుతున్నాడన్నమాట. పత్రం మీద అసలు సంతకం లాకియర్‌ది. “ఈజ్” అని రాశారంటే దాని కింద సాక్షి సంతకం మీది. “వాజ్” అని రాస్తే మీరు సాక్షి సంతకం పెట్టలేదు, ఆయన అన్నాడని మాత్రమే చెప్పారు. ఆయన అన్నది తప్పని “వాజ్” చెప్పదు సుమా! ఒప్పని కూడా చెప్పదు. అది ఎటూ మొగ్గదు. అందుకే “వాజ్” దాదాపు ఎప్పుడూ చెల్లుతుంది. సంతకం పెట్టడానికి మీరు సిద్ధంగా ఉన్నచోట మాత్రమే “ఈజ్” చెల్లుతుంది.

ఈ పరీక్షను కథలోని మాటల మీద పెట్టి చూద్దాం. ఈ కింది మాటలు ఆనాటి పుస్తకాల్లోవి కావు, ఆనాటి అభిప్రాయాలను బట్టి నేను కూర్చినవి.

“ది యెల్లో లైన్ ఈజ్ డ్యూ టు సోడియం” అని ఒకరు 1868లో అన్నారనుకోండి. మీరు ఈనాడు దాన్ని చెప్పేటప్పుడు ఆ గీత సోడియందేనని సాక్షి సంతకం పెడతారా? పెట్టరు. కాబట్టి “వాజ్” రాయక తప్పదు. “ఈజ్” రాస్తే చదివేవాడు ఈ రాసినవాడికి కూడా అసలు సంగతి తెలియదు కాబోలు అనుకుంటాడు. ఆ అమ్మాయికి నేను సున్న చుట్టింది ఇందుకే.

“ది యెల్లో లైన్ ఈజ్ నాట్ డ్యూ టు సోడియం” అని లాకియర్ అన్నాడనుకోండి. ఆ గీత ఈనాటికీ 587.6 దగ్గరే ఉంది. మీరు నిర్భయంగా సంతకం పెట్టవచ్చు. కాబట్టి “లాకియర్ సెడ్ దట్ ది యెల్లో లైన్ ఈజ్ నాట్ డ్యూ టు సోడియం” ఒప్పు. సంతకం పెట్టడం ఇష్టం లేక, ఊరికే చరిత్ర చెబుతున్నాను అనుకుంటే “వాజ్ నాట్” కూడా ఒప్పే. “పెట్టినా సరే, పెట్టకపోయినా సరే” అని నేనన్నది ఇదే.

ఇప్పుడు ఒకే నోటి నుంచి వచ్చిన రెండు ముక్కల మాటను తీసుకుందాం. “దేర్ ఈజ్ ఎ న్యూ ఎలిమెంట్ ఇన్ ది సన్, అండ్ ఇట్ ఈజ్ ఎ మెటల్.” సూర్యుడిలో ఒక కొత్త మూలకం ఉంది, అది లోహం అని. దీన్ని పరోక్ష కథనంలోకి మార్చమంటే రెండు “ఈజ్”లకూ ఒకే వైద్యం చేయకూడదు. సూర్యుడిలో హీలియం ఉంది, ఇప్పటికీ ఉంది. కాబట్టి మొదటి “ఈజ్” ఉంటే ఉండవచ్చు. హీలియం లోహం కాదు. కాబట్టి రెండోది “వాజ్” కావలసిందే. ఇంకా నడుమ ఉన్న “న్యూ” అన్న మాటనూ చూడండి. 1868లో అది కొత్త మూలకం, ఇప్పుడు పాతది. “దేర్ ఈజ్ ఎ న్యూ ఎలిమెంట్” అని ఈనాడు మనం సంతకం పెడితే అదేదో మొన్న దొరికినట్టు ఉంటుంది. కాబట్టి నా మటుకు నేను రెండింటినీ “వాజ్” చేసేస్తాను. లేదా “న్యూ” తీసేసి, “ఎన్ ఎలిమెంట్ దెన్ అన్‌నోన్” అని, అంటే అప్పటికి తెలియని మూలకం అని రాస్తాను. చూశారా, కాలాన్ని మార్చాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు ఒక్కోసారి క్రియలో కాక దాని పక్కనున్న విశేషణంలో దాగి ఉంటుంది.

భవిష్యత్తుకు కూడా ఇదే కొలత. భారతదేశంలో తర్వాత కనబడే సంపూర్ణ సూర్యగ్రహణం 2034 మార్చి 20న కాశ్మీరు ప్రాంతంలో. నేను తరగతిలో ఈ సంగతి చెప్పాను. దాన్ని మీరు ఇంట్లో చెప్పేటప్పుడు “అవర్ టీచర్ సెడ్ దట్ దేర్ విల్ బి ఎ టోటల్ ఎక్లిప్స్ ఇన్ 2034” అనవచ్చు. ఆ రోజు ఇంకా రాలేదు గనుక “విల్” చెల్లుతుంది. “వుడ్” అన్నా తప్పు లేదు. అదే 2035లో చెబితే మాత్రం “విల్” ఉండటానికి వీల్లేదు, “వుడ్” కావాలి. వాక్యం అదే, అన్నమాట అదే, అన్నవాడూ నేనే. మారింది మీ గడియారం మాత్రమే.

ఇదంతా సూర్యుడి సంగతి, మాకెందుకు అంటారేమో. మన ఊళ్ళ సంగతే చెబుతాను. ఒక కుర్రాడి తండ్రికి మిరపకాయ బస్తాలు కోల్డ్ స్టోరేజిలో ఉన్నాయనుకోండి. అన్న బెంగుళూరులో ఉద్యోగం చేస్తూ, సరుకు ఎప్పుడు తీయాలో చెబుతుంటాడు. సోమవారం గుంటూరు యార్డు నుంచి కమీషన్ వ్యాపారి ఫోన్ చేసి, “ది రేట్ ఈజ్ గుడ్” అన్నాడు. కుర్రాడు బడి హడావిడిలో మరిచిపోయి, బుధవారం అన్నకు రాశాడు. “ది ఏజెంట్ సెడ్ దట్ ది రేట్ ఈజ్ గుడ్.” అన్న దీన్ని ఎట్లా చదువుతాడు? రేటు బుధవారం కూడా బాగుందని చదువుతాడు. లారీ మాట్లాడమంటాడు. బస్తాలు యార్డుకు చేరాక తెలుస్తుంది, సోమవారం సాయంత్రానికే సరుకు ఎక్కువ వచ్చి ధర దిగిందని. కుర్రాడు అబద్ధం చెప్పలేదు. కాని తనకు తెలియనిదానికి సాక్షి సంతకం పెట్టాడు. “ది ఏజెంట్ సెడ్ ఆన్ మండే దట్ ది రేట్ వాజ్ గుడ్” అని రాసి ఉంటే, “మరి ఇవ్వాళ ఎట్లా ఉంది?” అని అన్న తప్పకుండా అడిగేవాడు.

తెలుగులో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. “రేటు బాగుందన్నాడు” అంటే ఎప్పటి రేటో క్రియ చెప్పదు. అందుకే మన పెద్దవాళ్ళు “ఎప్పుడన్నాడురా?” అని మొదట అడుగుతారు. ఇంగ్లీషులో కాలం మార్చి చేసే పనిని మనం ఆ ప్రశ్నతో చేస్తాం. అలాగే పొరపాటు సంగతి చెప్పాలంటే “సోడియం అని అన్నారు” అనడం చాలదు, “సోడియం అని పొరబడ్డారు” అని వేరే క్రియ వాడతాం.

ఇక గతంలోని మాటను గతంలోకి మార్చే చోటు. “ఐ వాజ్ ఇల్” అని ఒకడు అన్నాడు, అంటే “నాకు ఒంట్లో బాగాలేకపోయింది” అని. సూత్రం ప్రకారం “హీ సెడ్ దట్ హీ హ్యాడ్ బీన్ ఇల్” కావాలి. ఎందుకు కావాలి? “హీ సెడ్ దట్ హీ వాజ్ ఇల్” అంటే ఏమవుతుంది? చదివేవాడు దాన్ని “ఐ యామ్ ఇల్” నుంచి వచ్చిందనుకుంటాడు. మాట్లాడేటప్పుడు కూడా అతనికి జ్వరం ఉన్నదనుకుంటాడు. “వాజ్” అనే కుర్చీలో “యామ్” ఇదివరకే వచ్చి కూర్చుంది కాబట్టి అసలు “వాజ్” లేచి “హ్యాడ్ బీన్” అనే కుర్చీలోకి పోవాలి. ఉండటం, తెలియడం, జబ్బుగా ఉండటం లాంటి స్థితిని చెప్పే క్రియల దగ్గర ఈ చిక్కు ఎక్కువ. అక్కడ “హ్యాడ్” వదలకండి.

కాని ఒకసారి జరిగి ముగిసిపోయిన పనిని, తేదీతో సహా చెబితే ఈ గందరగోళం ఉండదు. “జాన్సెన్ సెడ్ దట్ హీ సా ది ఎక్లిప్స్ ఎట్ గుంటూర్ ఇన్ ఆగస్ట్ 1868.” ఇక్కడ “సా” బదులు “హ్యాడ్ సీన్” అనవచ్చు, అదీ ఒప్పే. కాని అనకపోయినంత మాత్రాన ఎవరికీ అనుమానం రాదు. ఏది ముందు జరిగిందో తేదీయే చెబుతోంది. తేదీ లేనప్పుడు, “నిన్న చూశాను” లాంటి మాటను మార్చేటప్పుడు మాత్రం, “నిన్న” కూడా “ముందురోజు” అవుతుంది. “హీ సెడ్ దట్ హీ హ్యాడ్ సీన్ ఇట్ ది ప్రీవియస్ డే.” జాన్సెన్ 1868లో అన్న “నిన్న” మన నిన్న కాదు గదా.

మిగిలినవి చిన్న సంగతులు. అసలు మాటలోనే “హ్యాడ్ సీన్” ఉంటే దాన్ని ఇంకా వెనక్కి తోయడానికి మెట్టు లేదు, అలాగే ఉంచాలి. “వుడ్”, “కుడ్”, “షుడ్”, “మైట్” కూడా కదలవు. “ఇఫ్ ఐ వర్ ఎ బర్డ్” లాగా జరగని ఊహ చెప్పే మాటలు కూడా కదలవు, ఎందుకంటే అక్కడి “వర్” గతాన్ని చెప్పడమే లేదు. “మస్ట్” అలాగే ఉండవచ్చు, “హ్యాడ్ టు” కావచ్చు.

పరీక్షలో ఏం రాయాలని మీరు అడుగుతారని నాకు తెలుసు. “ది టీచర్ సెడ్, ది ఎర్త్ మూవ్స్ రౌండ్ ది సన్” లాంటిది ఇస్తే “మూవ్స్” అనే ఉంచండి. అడిగేవారు చూడదలచుకున్నది అదే. “మూవ్డ్” అని రాయడం ఇంగ్లీషు ప్రకారం తప్పు కాదు. కాని దిద్దేవారి చేతిలో జవాబుల పట్టిక ఒకటుంటుంది, దానితో వాదించే వీలు మీకు ఉండదు. అదే “టాలెమీ సెడ్, ది సన్ మూవ్స్ రౌండ్ ది ఎర్త్” అని ఇస్తే? సూర్యుడు, భూమి రెండూ ఉన్నాయి కదా అని “మూవ్స్” ఉంచకండి. టాలెమీ భూమి కేంద్రంగా లెక్కలు కట్టినవాడు. ఆయన మాటకు మీరు సాక్షి సంతకం పెట్టలేరు. “మూవ్డ్” రాయండి.

ఇంకొక్క మాట. సాక్షి సంతకం సంగతి అట్లా ఉంచి, అసలు సంతకం ఉన్నదో లేదో కూడా చూసుకోవాలి. “గుంటూరులో తాను ఒక కొత్త మూలకాన్ని కనుగొన్నానని జాన్సెన్ అన్నాడు” అని రాసేవారున్నారు. ఆయన అట్లా అనలేదు. ఆయన గర్వంగా చెప్పుకున్నది గ్రహణం లేకుండానే సౌరజ్వాలలను చూసే పద్ధతిని గురించి. అనని మాటకు “ఈజ్” పెట్టినా “వాజ్” పెట్టినా ఒక్కటే.

ఈ మాట విని ఆ అమ్మాయి వ్యాసంలో మరో వాక్యం కూడా కొట్టేసింది. అది నేను అంతకుముందు గమనించలేదు. గోడపత్రికలో చివరికి పడ్డ ముక్క ఇది: “సమ్ అబ్జర్వర్స్ థాట్ దట్ ది యెల్లో లైన్ వాజ్ డ్యూ టు సోడియం. లాకియర్ సెడ్ దట్ ఇట్ ఈజ్ నాట్. హీ అండ్ అదర్స్ బిలీవ్డ్ దట్ హీలియం వాజ్ ఎ మెటల్. ఇన్ 1895 రామ్సే షోడ్ దట్ ఇట్ ఈజ్ ఎ గ్యాస్.” నాలుగు వాక్యాలు. రెండింట్లో సంతకం పెట్టింది, రెండింట్లో పెట్టలేదు. “మెనీ పీపుల్” అన్నది కూడా తనే “సమ్ అబ్జర్వర్స్” చేసింది. చాలామంది అన్నారని తనకు తెలియదట.